యతి తప్పిందని నా పద్యం పక్కన పెట్టారు, ఇది న్యాయమేనా?

శారద, సీతాఫల్‌మండి
బోనాలకు మా కాలనీలో పద్యాల పోటీ పెట్టారు. నా ఆటవెలదిలో రెండో పాదం ఇది: "చూసి వచ్చినాము జాతరంత". పాదం మొదట్లో ఉన్న చూతో మధ్యలో వచ్చే జా కలవలేదు, యతి తప్పింది అన్నారు. వేమన "చూడ చూడ రుచుల జాడ వేరు" అన్నాడు కదా. ఆయనకు చూ, జా కుదిరితే నాకెందుకు కుదరదు?

కూకట్‌పల్లి కిట్టు
చ, జ ఒకే వర్గం అక్కా. మీది కరెక్టే. ఆ జడ్జికే రాదు.

మల్కాజిగిరి మాస్టారు
తొందరపడకు కిట్టూ. హల్లు కలిస్తే సగం పనే అయింది, దాని మీద అచ్చు కూడా కలవాలి. ఊకి ఉ, ఒ, ఓ తోడొస్తాయి కానీ ఆ రాదు. కాబట్టి వేమన పాదంలో కూడా చూ, జా యతి కాదమ్మా. అక్కడ పాదాన్ని నిలబెట్టింది రెండో అక్షరం. చూడ, జాడ, రెండింట్లోనూ డ ఉంది. దాన్నే ప్రాసయతి అంటాం. మీ పాదంలో రెండో అక్షరాలు సి, త. ఆ దారీ మూసుకుపోయింది.

రామంతపూర్ రావు
ప్రాస అంటే నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే ఉండాలి. మేం బళ్లో నేర్చుకున్నది అదే. ఉప్పులో ప్ప, చూడలో డ, పురుషులో ర. అసలు వేమన పద్యంలోనే ప్రాస లేదు. ఆయన నియమాలు పట్టించుకోలేదు, అంతే.

మల్కాజిగిరి మాస్టారు
మీరు చెప్పేది ఉత్పలమాలకు, కందానికి సరిపోతుంది. ఆటవెలదికి ఆ ప్రాస అక్కర్లేదు. ప్రాస పాదానికీ పాదానికీ మధ్య చుట్టరికం, యతి ఒకే పాదం లోపలి లెక్క. ప్రాసయతిలో మాత్రం ప్రాస వచ్చి యతి పని చేసిపెడుతుంది. ఆటవెలది, తేటగీతి, సీసం దానికి ఒప్పుకుంటాయి. ఉత్పలమాలలో అలా చేస్తే తప్పే.

సంస్కృతం సుబ్బు
యతి అంటే విరామం. "జాతరంత" ముందు ఆగి చదివితే సరిపోతుంది కదా?

మల్కాజిగిరి మాస్టారు
సంస్కృతంలో అంతే. తెలుగులో ఆగినా ఆగకపోయినా అక్షరం కలవాల్సిందే. మాట మధ్యలో పడినా పరవాలేదు.

కూకట్‌పల్లి కిట్టు
అయితే అదే పద్యం మొదటి పాదం చూడండి. "ఉప్పు కప్పురంబు నొక్కపోలిక నుండు". ఉకీ నొకీ ఏం చుట్టరికం? అచ్చుకు న ఎప్పుడు మిత్రమైంది మాస్టారూ?

మల్కాజిగిరి మాస్టారు
ఆ న అసలు "ఒక్క"ది కాదు. "కప్పురంబును" చివర ఉన్నది సంధిలో వచ్చి అతుక్కుంది. దాన్ని తీసేస్తే మిగిలేది ఒ. ఉకీ ఒకీ మైత్రి ఉంది.

కూకట్‌పల్లి కిట్టు
బావుంది! ఏ హల్లు అడ్డొచ్చినా పీకేసి కింద అచ్చు చూసుకోవచ్చన్నమాట.

మల్కాజిగిరి మాస్టారు
కుదరదు. అదే చోట "నొసలు" అని రాస్తే యతి పోయినట్టే. అక్కడ న ఆ మాట సొంతం, సంధిలో వచ్చింది కాదు.

కూకట్‌పల్లి కిట్టు
చెవికి రెండూ నొ అనే వినబడతాయి సార్! ఒకటి ఒప్పు, ఇంకొకటి తప్పు అంటే ఇక యతి ఎవరి కోసం, వినేవాడి కోసమా, వ్యాకరణం చదివినవాడి కోసమా? నేనూ ఓ సభలో పద్యం చదివా. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత ఒకాయన మైకు తీసుకుని అందరి ముందూ "యతిభంగం" అన్నాడు. మళ్లీ రాయలేదు.

మల్కాజిగిరి మాస్టారు
మైకులో అనడం తప్పే, పక్కకు పిలిచి చెప్పాల్సింది. కానీ సంధి ఎక్కడ జరిగిందో తెలుగువాడి చెవికి తెలుస్తుందనే నా నమ్మకం.

రామంతపూర్ రావు
నా చెవికి తెలీదు మరి.

శారద, సీతాఫల్‌మండి
మీరు మీరు తర్వాత కొట్టుకోండి. నా పాదం సంగతి చెప్పండి. "చూడ వచ్చినాము వాడ వాడ" అంటే సరిపోతుందా? చ, వ అసలు కలవవు కదా, అదే టెన్షన్.

మల్కాజిగిరి మాస్టారు
సరిపోతుందమ్మా. ప్రాసయతిలో మొదటి అక్షరాలు కలవనక్కర్లేదు. కాకపోతే డ ముందున్న అక్షరాలు రెండూ గురువులు కావాలి, లేదా రెండూ లఘువులు కావాలి. చూ, వా రెండూ దీర్ఘాలే. "వాడ" బదులు "వడల" పెడితే గణం సరిపోయినా ప్రాస చెడేది. మీ పాత మాటే ఉంచాలనుకుంటే "చూసి వచ్చినాము సొంత వాడ" అనండి. చకు స మిత్రం, ఊకి ఒ మిత్రం, మామూలు యతే కుదిరింది.

శారద, సీతాఫల్‌మండి
సొంత వాడకు జాతర చూడ్డానికి వెళ్లడమేంటి మాస్టారూ, మేం ఉండేదే అక్కడ. "వాడ వాడ" పాదమే ఉంచుతా.

కూకట్‌పల్లి కిట్టు
నాకు మాత్రం "నొక్క"లో ఒ ఇంకా వినబడలేదు.