వండాక నీరు ఆవిరైతే గ్రాముకు కేలరీలు ఎలా లెక్కేయాలి?

సన్నసెగ: ఎముకల్లేని చికెన్ 600 గ్రాములు, టమాటా 500, ఉల్లిపాయ 200, నూనె 40, నీళ్లు 300. పచ్చిగా మొత్తం 1640 గ్రాములు, 1244 కేలరీలు. గ్రాముకు 0.76 అన్నమాట. ఉడికాక బాగా దగ్గరపడింది. 250 గ్రాములు వడ్డించుకుంటే 190 అని రాసుకోవచ్చా?

తూకంరాయి: కుదరదండీ. పోయింది నీరు, కేలరీలు గిన్నెలోనే ఉన్నాయి. ఖాళీ గిన్నెను వంటకు ముందే తూచి రాసిపెట్టుకోండి. ఇది మరిచిపోతే కూరంతా ఇంకో గిన్నెలోకి తిప్పాలి, అంచులకు అంటుకున్నది లెక్కలోంచి జారిపోతుంది. దించాక మూత, గరిటె తీసేసి తూచండి. గిన్నెతో 2310, ఖాళీది 1150 వస్తే కూర 1160. 1244ని 1160తో భాగిస్తే గ్రాముకు 1.07. మీ 250 గ్రాములు 268 అవుతాయి, 190 కాదు.

యాప్‌లో సర్వింగ్‌ల సంఖ్య దగ్గర 1160 అని కొట్టండి. ఒక సర్వింగ్ అంటే ఒక గ్రాము, ఇక భాగహారాలు అక్కర్లేదు.

మూకుడు: ఇంత హడావుడి ఎందుకు? ఉడికితే పావు వంతు పోతుంది. పచ్చి లెక్కను 0.75తో భాగిస్తే సరి.

తూకంరాయి: మాంసం ముక్కలు విడిగా కాలిస్తే ఆ అంచనా దగ్గరగానే ఉంటుంది. గ్రేవీకి నమ్మలేం. పై లెక్కలోనే 29 శాతం పోయింది. అదే కూర మూతపెట్టి ఉడికిస్తే ఇంత పోదు, వెడల్పాటి మూకుట్లో మూత లేకుండా మరిగిస్తే ఇంకా ఎక్కువ పోతుంది.

గిలక్కాయ: నాది పాస్తా. నీరు పోవడం కాదు, పీల్చుకుంటోంది. మరి నాకు?

తూకంరాయి: అదే సూత్రం. ఎండు పాస్తా మొత్తం కేలరీలను వార్చాక వచ్చిన బరువుతో భాగించండి. వార్చిన నీళ్లలో కాస్త పిండి పోతుంది, పట్టించుకోనక్కర్లేదు. నూనె తేలిన రసం పారబోస్తే మాత్రం పట్టించుకోవాలి. గ్రాము నూనెకు దాదాపు 9 కేలరీలు.

సన్నసెగ: మిగిలిన 910 గ్రాములు మర్నాడు వేడిచేస్తే 850కి దిగింది. ఇప్పుడూ 1.07 అనేనా?

మూకుడు: కాదు, ఇది నాకు తెలుసు. తిన్న 268 తీసేస్తే 976 మిగిలాయి. 850తో భాగిస్తే 1.15. లేదంటే 60 గ్రాముల వేడినీళ్లు పోసి కలిపేయండి, పాత లెక్కే నడుస్తుంది.

గిలక్కాయ: ఒకరు ముక్కలే ఏరుకుని, ఇంకొకరు గ్రేవీ పోసుకుంటే?

తూకంరాయి: అప్పుడు 1.07 ఇద్దరికీ తప్పే, అది బాగా కలిపిన గిన్నెకి సగటు. ముక్కలు విడిగా తూచవచ్చు కానీ, నూనె ఎంత ముక్కకి పట్టింది, ఎంత గ్రేవీలో ఉందన్నది వంటగది తూకంతో తేలదు. మొత్తం గిన్నె ఒక్కరే రెండు మూడు పూటల్లో ఖాళీ చేస్తే మాత్రం ఏ పూట ఎటు తప్పినా చివరికి 1244కే వస్తుంది.