ఒంటిమిట్ట నాటికలో రాముని పలుకు ఎలా ఉండాలి?

అందరికీ నమస్కారం. మాది కడప దగ్గరి పల్లె. శ్రీరామనవమికి మా పిల్లలతో పదిహేను నిమిషాల నాటిక వేయిస్తున్నాము. కడప నవాబు ప్రతినిధి ఇమాంబేగ్ ఒంటిమిట్టకు వచ్చి, పిలిస్తే మీ దేవుడు పలుకుతాడా అని అడిగి, ముమ్మారు పిలిచి, లోపలినుండి 'ఓ' అన్న జవాబు విని భక్తుడై బావి తవ్వించాడన్న స్థలకథే ఇతివృత్తం.

చిక్కంతా ఆ 'ఓ' దగ్గరే వచ్చింది. తెర వెనుకనుండి మైకులో గట్టిగా పలికించగా, రిహార్సల్ చూస్తున్నవారు నవ్వారు. నాకు చాలా బాధ కలిగింది. గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉన్నారు కనుక, ఆ ముగ్గురినీ కదలకుండా నిలబెట్టి, మూడో పిలుపు తరువాత పది లెక్కపెట్టేంతసేపు నిశ్శబ్దం ఉంచి, మైకు లేకుండా మెల్లగా పలికిస్తే గాంభీర్యం నిలుస్తుందని నా ఆలోచన.

ఆపైన ఇమాంబేగ్ "స్వామీ, పరీక్షించాను, మన్నించు" అంటాడు. దానికి రాముడు "పిలిచావు, పలికాను" అని మాత్రమే అనాలా, లేక మౌనంగానే ఉండాలా? పౌరాణిక నాటకాలు ఆడించిన పెద్దలు దయచేసి చెప్పగలరు.