అప్‌డేట్: నాన్నగారి మగతకు కారణం జలుబు మాత్ర

నా ప్రశ్న: రాజోలులో ఉండే మా నాన్నగారికి 76 ఏళ్లు. వారంగా పగలంతా మగత, మాట తికమక. మొన్న రాత్రి అరుగు మీద పడ్డారు. వయసు వల్లేనా?

అప్‌డేట్: మందుల సంచీ మొత్తం అమలాపురంలో డాక్టరుగారికి చూపించాం. ఆయన రెండు మాత్రలు పక్కకు తీశారు. ఏళ్లుగా నిద్రకని వేసుకునే ఆల్ప్రజోలం, జలుబుకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న క్లోర్‌ఫెనిరమిన్.

జలుబు మాత్ర సగం ఒంట్లోంచి పోవడానికే మామూలు పెద్దవాళ్లలో 20 గంటల దాకా పడుతుందట. ముసలితనంలో ఇంకా నెమ్మది. నిన్నటిది పోకముందే ఇవాళ్టిది చేరుతుంది, పైన నిద్రమాత్ర మత్తు. పైగా జలుబు మాత్ర మెదడులో సంకేతాలు మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటుంది, అందుకే తికమక. మూత్రాశయం బిగిసి మూత్రాన్ని బయటికి నెట్టడానికీ ఆ రసాయనమే కావాలి. రెండ్రోజులుగా మూత్రం సరిగ్గా రావట్లేదని నాన్న సిగ్గుతో చెప్పనేలేదు! ప్రోస్టేట్ వాపు ముందే ఉంది. గొట్టం వేసి తీయాల్సి వచ్చింది.

జలుబు మాత్ర వెంటనే ఆపారు, నాలుగో రోజుకి మనిషి తేటపడ్డారు. నిద్రమాత్ర మాత్రం ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చట, వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తున్నారు. అమ్మ దాచిన పాత జలుబు మాత్రల అట్ట నిన్న దొరికింది, పారేశాను.