క్లయింట్ నెమ్మదించారంటే కుదుటపడ్డట్టా, షట్‌డౌన్ అయినట్టా?

థెరపీలో కొత్తదాన్ని. ట్రామా కేసులు చూసే సీనియర్లు ఎవరైనా చెప్పగలరా? విండో ఆఫ్ టాలరెన్స్ లోపల ఉన్నంతసేపు మనిషి బాధను తలుచుకుంటూనే ఆలోచించగలరు. పైకి దాటితే గుండెదడ, కంగారు, కోపం. అది ఎవరికైనా కనిపిస్తుంది. నా ఇబ్బందల్లా కిందికి జారి షట్‌డౌన్ అయినప్పుడే.

ఒక క్లయింట్ (వివరాలు మార్చాను) పాత సంఘటన చెబుతూ చెబుతూ నెమ్మదిస్తారు. చూపు నేల మీద ఒకేచోట నిలిచిపోతుంది. గొంతులో హెచ్చుతగ్గులు ఉండవు. ఏమడిగినా చాలాసేపటికి "బాగానే ఉన్నాను" అంటారు. చూడ్డానికి ప్రశాంతంగానే ఉంటారు. కానీ నిజంగా కుదుటపడ్డ మనిషి నా వైపు చూస్తారు, మాట కలుపుతారు కదా?

అప్పుడు కళ్లు మూసుకుని ఊపిరి నెమ్మదిగా తీసుకోమంటే ఇంకా దూరమైపోతున్నారు. అందుకే సంఘటన గురించి ఆపేసి, గదిలో కనిపించే వస్తువుల పేర్లు చెప్పమని, పాదాలు నేలకు గట్టిగా నొక్కమని అంటున్నాను. తేరుకుంటారు గానీ, ఒక్కోసారి వెంటనే వణుకు, కంగారు మొదలవుతాయి. కింది నుంచి పైకి వచ్చేటప్పుడు ఇది మామూలేనా, నేను తొందరపెడుతున్నానా? అదే సెషన్‌లో మళ్లీ ఆ సంఘటన దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నది మీరు ఏం చూసి నిర్ణయిస్తారు?