జీతం కోసి, పని మార్చి, మనతోనే రాజీనామా రాయిస్తే అది తీసేసినట్టా, కాదా?

నయీంనగర్ అకౌంటెంట్: హన్మకొండలో ఒక బట్టల షోరూంలో ఏడేళ్ల నుంచి లెక్కలు చూస్తున్నా. జీతం 22,000. కొత్త మేనేజర్ వచ్చాక నోటిమాట మీదే 14,000 చేశారు. టాలీ పాస్‌వర్డ్ మార్చేసి, నన్ను గోడౌన్‌లో చీరల కట్టలు లెక్కపెట్టమన్నారు. "ఇష్టం లేకపోతే కాగితం రాసిచ్చి వెళ్లు" అంటున్నారు. నేను రాజీనామా చేస్తే వాళ్లు తీసేసినట్టు లెక్కా?

కాజీపేట కుర్రోడు: లెక్కే అన్నా, రేపే లెటర్ పడెయ్. మా బావ లండన్‌లో ఉంటాడు, అక్కడ ఇట్లా వేధించి పంపిస్తే తీసేసినట్టే. ఇక్కడ కూడా అంతే.

లేబర్ కోర్టు పాత కాపు: తమ్ముడూ, సగమే కరెక్ట్. బ్రిటన్‌లో ఆ మాట 1996 నాటి ఉద్యోగ హక్కుల చట్టంలోనే రాసి ఉంది. అక్కడ కూడా యజమాని చేసింది ఒప్పందం మూలాన్నే దెబ్బతీసేంత పెద్ద ఉల్లంఘన కావాలి, చిన్న చికాకు చాలదు. మన చట్టాల్లో అలాంటి వాక్యం లేదు. ఒత్తిడి చేసి రాయించారని తేలితే కోర్టులు దాన్ని రాజీనామా కాదు, తొలగింపే అంటాయి. కానీ ఒత్తిడి జరిగిందని నిరూపించాల్సింది మనమే.

ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. గొడవెందుకని "వ్యక్తిగత కారణాల వల్ల" అని రాసిస్తారు. ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం మీద "ఇక ఎలాంటి బకాయీ లేదు" అన్న లైను కింద సంతకం పెడతారు. తర్వాత లేబర్ అధికారి ముందు రాజీ చర్చల్లో, అంటే కన్సిలియేషన్‌లో, యాజమాన్యం ఆ రెండు కాగితాలే ముందు పెడుతుంది. మనం నోటితో ఎంత చెప్పినా వాటి ముందు నిలవడం కష్టం.

చౌరస్తా షాపాయన: మా వైపూ వినండి. గిరాకీ లేదు, లెక్కలు ఆడిటర్ దగ్గరే అయిపోతున్నాయి. మనిషిని ఇంటికి పంపకుండా వేరే పని ఇస్తే అది కూడా తప్పేనా?

లేబర్ కోర్టు పాత కాపు: పని మార్చడం వేరు, జీతం కోయడం వేరు సేఠ్. గిరాకీ లేక గోడౌన్‌కి పంపారంటే కోర్టు ఒప్పుకోవచ్చు కూడా. జీతం తగ్గించాలంటే మాత్రం 21 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండేది, దాని బదులు 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. నిజంగా మనిషి అక్కర్లేదనుకుంటే దానికి రిట్రెంచ్‌మెంట్ దారి ఉంది: నెల నోటీసు, సర్వీసులో ఏడాదికి 15 రోజుల జీతం. ఆ డబ్బు తప్పించుకోడానికే రాజీనామా అడిగారేమో అని అధికారికి అనుమానం రావడం సహజం.

కరీంనగర్ టీచరమ్మ: నన్ను కూడా ఇట్లనే పంపించారు. పదో తరగతి మ్యాథ్స్ తీసేసి యూకేజీకి వేశారు, విసుగొచ్చి మానేశా. నేను కూడా లేబర్ ఆఫీసుకు వెళ్లొచ్చా?

లేబర్ కోర్టు పాత కాపు: మీది వేరే దారి మేడం. టీచర్లు కార్మికుల కిందికి రారని 1988లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీరు విద్యా చట్టం కింద చూసుకోవాలి, లాయర్‌ను కలవండి. అకౌంటెంట్ తమ్ముడు చేసేది గుమాస్తా పని కాబట్టి కార్మికుడే.

కాజీపేట కుర్రోడు: అయితే రాజీనామా చేయకుండా ఇంట్లో కూర్చుంటే సరి.

లేబర్ కోర్టు పాత కాపు: అదింకా ప్రమాదం. "చెప్పకుండా మానేశాడు" అని రాసుకుంటారు. విచారణ లేకుండా అలా పేరు కొట్టేయకూడదని 1993లో సుప్రీంకోర్టు తీర్పుంది, అయినా ఆ తలనొప్పి మనకెందుకు?

తమ్ముడూ, రోజూ వెళ్లి పంచ్ కొట్టు, గోడౌన్ పనే చెయ్యి. ఈ వారంలోనే మేనేజ్‌మెంట్‌కు ఒక ఉత్తరం రాయి: ఫలానా తేదీన జీతం 22,000 నుంచి 14,000 చేశారు, నోటీసు ఇవ్వలేదు, నేను ఒప్పుకోలేదు, అభ్యంతరంతోనే పని చేస్తున్నాను. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకో. వాళ్లు "కాగితం రాసివ్వు" అన్నది ఎవరి ముందు అన్నారో, ఏ తేదీన అన్నారో రాసిపెట్టుకో. తగ్గిన జీతం ఆరేడు నెలలు చప్పుడు చేయకుండా తీసుకుంటే ఒప్పుకున్నావనే అంటారు.

నయీంనగర్ అకౌంటెంట్: మరి ఉద్యోగంలో ఉండగానే లేబర్ ఆఫీసులో కేసు పెట్టొచ్చా సార్?

లేబర్ కోర్టు పాత కాపు: చిక్కంతా అక్కడే. ఒక్కడే నేరుగా వివాదం వేసుకునే వీలు ఉద్యోగం పోయిన తర్వాతే. ఉద్యోగంలో ఉండి జీతం కోత మీద వివాదం లేపాలంటే యూనియనో, తోటి వర్కర్లో కలిసి రావాలి. నీకు తక్కువ పడిన నెలకు 8,000 కోసం మాత్రం నువ్వే క్లెయిమ్ అడగొచ్చు.

చౌరస్తా షాపాయన: అంటే మెడ పట్టి గెంటేదాకా ఆగమనా? పాపం కుటుంబం ఉన్నోడికి 14,000తో ఎట్లా గడుస్తుంది?

లేబర్ కోర్టు పాత కాపు: గడవకపోతే రాజీనామా చేయొచ్చు సేఠ్, కాదనను. కానీ లెటర్‌లో కారణం జీతం కోత అనే రాయాలి, ముందు పంపిన ఉత్తరం తేదీ కూడా వేయాలి. అప్పుడు కూడా గెలుపు ఖాయం అని నేను చెప్పను.

నయీంనగర్ అకౌంటెంట్: అపాయింట్‌మెంట్ లెటర్ చూశా. "ఏ బ్రాంచిలోనైనా, ఏ పనైనా" అని ఉంది. జీతం తగ్గిస్తామని ఎక్కడా లేదు.

లేబర్ కోర్టు పాత కాపు: అయితే గోడౌన్ సంగతి రెండో పేరాలో పెట్టు. ఉత్తరం మొదటి లైను 8,000 గురించే ఉండాలి.