గ్రైండర్ మొహం చూడకుండా 5 స్టార్ రివ్యూ రాయమంటున్నాడు, ఎలా కాదనాలి?

గోదారిగట్టు:
రేపు సాయంత్రానికి ఇవ్వాలి, కాస్త త్వరగా చెప్పండి. వెట్ గ్రైండర్లు తెప్పించి ఆన్‌లైన్‌లో అమ్మే ఒకాయన వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ ఇది, ఉన్నదున్నట్టు: "మన గ్రైండర్‌కి మంచి రివ్యూ రాయండి. 250 పదాలు. 5 స్టార్. ఇంట్లో ఆడవాళ్లు రాసినట్టుండాలి, అదిరిపోవాలి." అంతే. మోడల్ పేరు లేదు, ఎన్ని లీటర్లదో లేదు, ఫొటో కూడా లేదు. అడిగితే "మీరు రైటరు కదా, ఊహించి రాసెయ్యండి" అన్నాడు. వాడని వస్తువు వాడినట్టు నేను రాయను, అది ఖాయం. కానీ నెలనెలా పనిచ్చే పార్టీ. చెడకుండా ఎలా చెప్పాలి? ఇంకోటి, రేపు వివరాలన్నీ పంపిస్తే అప్పుడు రాయొచ్చా?

కలంకూలీ:
ఇందులో చర్చేముంది బ్రో. వివరాలు లేకపోతే ఇంకా తేలిక, తప్పు దొరకదు. ఇదిగో, రెండు నిమిషాల పని:
"నిన్ననే వచ్చింది. సాయంత్రమే బియ్యం, మినప్పప్పు వేశాను. పది నిమిషాల్లో వెన్నలా నలిగింది. పొద్దున ఇడ్లీలు దూదిపింజల్లా వచ్చాయి! పసుపు కొమ్ములు కూడా పొడి చేసుకున్నాను. మా అత్తగారు తెగ మెచ్చుకున్నారు."
ఏ గ్రైండర్‌కైనా అతుకుతుంది. మా టీమ్ ఇలాంటివి రోజుకు నలభై ఇస్తుంది.

చట్టంచెప్తా:
రోజుకు నలభై అని బహిరంగంగా రాసుకున్నారు, సంతోషం. 2022లో రివ్యూల మీద ఐఎస్ 19000 అని ప్రమాణం వచ్చింది. దాన్ని మీరితే రాసినవాడికి రెండేళ్లు జైలు. గోదారిగట్టు గారూ, క్లయింటుకి ఈ ముక్క పంపండి, నోరు మూతపడుతుంది.

రాతబల్ల:
చట్టంచెప్తా గారూ, రెండు వేర్వేరు సంగతులు కలిపేశారు. అలాగే పంపితే ఆ క్లయింటు ఏ వకీలునో అడిగి ఈయన్నే ఎగతాళి చేస్తాడు. ఐఎస్ 19000:2022 స్వచ్ఛందంగా పాటించే ప్రమాణంగా వచ్చింది. రివ్యూలు సేకరించి ప్రచురించే సైట్ల కోసం పెట్టింది, అందులో జైలు మాటే లేదు. మీరన్న రెండేళ్లు 2019 వినియోగదారుల రక్షణ చట్టం 89వ సెక్షన్‌లోది. అది తప్పుడు ప్రకటన చేయించిన తయారీదారుకు, సేవలు అందించేవాడికి, కోర్టు వెయ్యాలి. ఎండార్స్ చేసినవాళ్ల మాట 21వ సెక్షన్‌లో ఉంది. అక్కడ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. పేరు లేకుండా కూలికి రాసిన రైటరు 'ఎండార్సర్' కిందకు వస్తాడా అనేది వాదించుకోవాల్సిన విషయమే.

మనకు పనికొచ్చేది తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల్లోని మాట: ఎండార్స్ చేసేవాళ్లు చెప్పేది వాళ్ల నిజమైన అభిప్రాయం అయ్యుండాలి, ఆ వస్తువు గురించి తగినంత సమాచారమో అనుభవమో ఉండి చెప్పాలి. మీ క్లయింటు రెండూ ఇవ్వలేదు.

గోదారిగట్టు గారి రెండో ప్రశ్నకు జవాబు: రాయకూడదు. వివరాలు వస్తే మీ చేతికి 'సమాచారం' వస్తుంది గానీ 'ఒక గృహిణి వాడిన అనుభవం' రాదు. స్పెసిఫికేషన్ కాగితం చూసి ఉత్పత్తి వివరణ రాయొచ్చు, కంపెనీ గొంతుతో. అదే కాగితం చూసి "మా ఇంట్లో ఆర్నెల్లుగా వాడుతున్నాం" అని రాస్తే మళ్లీ కల్పనే.

మినపరొట్టె:
రివ్యూలు, చట్టాలు మీరు చూసుకోండి. కలంకూలీ గారు రాసిన ఆ నాలుగు ముక్కలు చదివితే ఆయన జన్మలో గ్రైండర్ దగ్గర నిలబడలేదని తెలుస్తోంది. కొత్త గ్రైండర్ వచ్చిన సాయంత్రమే పిండి రుబ్బుకుని తింటారా? రాళ్ల నుంచి సన్నటి పొడి రాలుతుంది. నానబెట్టిన బియ్యమో తవుడో నీళ్లతో వేసి తిప్పి పారబోస్తారు. బూడిదరంగు పోయి తెల్లగా వచ్చేదాకా రెండు మూడు సార్లు చేస్తారు. పసుపు కొమ్ములు పొడి చేశారట! అది *వెట్* గ్రైండర్ నాయనా. పొడిగా వేస్తే రాయి రాయీ ఒరుసుకుంటాయి, కొమ్ము మధ్యలో ఇరుక్కుని మోటారు మూలుగుతుంది. పది నిమిషాలంటారా, మిక్సీలో మాట అది. రాతిలో మినప్పప్పు పాతిక, ముప్పై నిమిషాలు తిరగాలి, నీళ్లు ఒకేసారి పొయ్యకుండా చిలకరిస్తూ ఉండాలి. అయిందో లేదో చూడ్డానికి గిన్నెలో నీళ్లు పోసి చిటికెడు పిండి వెయ్యండి. తేలితే అయినట్టు, మునిగితే ఇంకా తిరగాలి.

అన్నిటికన్నా, ఇడ్లీకి బియ్యం రుబ్బడమేంటి? మన ఇళ్లల్లో గ్లాసు పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కడిగి పిండి కలుపుతాం. బియ్యం రుబ్బేది దోసెలకి. అరవం రివ్యూని తెలుగులోకి దించారు.

చార్మినార్‌చాయ్:
"మన ఇండ్లల్ల" అంటే ఎవరి ఇండ్లల్ల అక్కా? మా దిక్కు రవ్వ ఏసేటోళ్లున్నరు, ఉప్పుడు బియ్యం నానవెట్టి రుబ్బేటోళ్లు గూడ ఉన్నరు. బియ్యం రాసిండు గనక దొంగ రివ్యూ అంటే నిజంగ కొన్నోళ్లది గూడ దొంగదైతది. పసుపు కొమ్ముల సంగతి మాత్రం కరెక్టే.

మినపరొట్టె:
ఉప్పుడు బియ్యం రుబ్బేవాళ్లు అలా అని రాస్తారు కదా. ఈయన "బియ్యం" అని వదిలేశాడు. వాడినవాళ్లు ఎన్ని గ్లాసులు వేశారో చెప్తారు.

చార్మినార్‌చాయ్:
కొన్నోళ్లందరు గ్లాసులు లెక్కవెట్టి రాస్తరా? "బాగుంది" అని ఒక్క ముక్క రాసి పోతరు సగం మంది. వాళ్లందర్ని అబద్ధాలకోర్లను చేస్తవా?

కలంకూలీ:
ఇడ్లీ గురించి ఇంత గొడవా! సరే, బియ్యం తీసేసి రవ్వ పెడతా, పది బదులు ముప్పై నిమిషాలు పెడతా, పసుపు తీసేస్తా. మినపరొట్టె గారు ఫ్రీగా ప్రూఫ్ చూసిపెట్టారు, థాంక్స్.

మినపరొట్టె:
సిగ్గుండాలి. ఆ అత్తగారిని కూడా తీసెయ్యండి, ఆవిడా లేదుగా.

కొట్టుసెటప్:
నాదీ ఇదే సమస్య అండీ. మా మిక్సీలకి ఎవరో పోటీవాళ్లు 1 స్టార్లు కొడుతున్నారు. ఎలా తీయించాలి? బాక్సులో "5 స్టార్ ఇస్తే 100 రూపాయలు ఫోన్‌పే" అని చీటీ పెట్టాను, అయినా రేటింగ్ లేవట్లేదు.

రాతబల్ల:
కొట్టుసెటప్ గారూ, మీ సమస్య ఇది కాదు, కానీ ఆ చీటీ ఇవాళే తీసెయ్యండి. డబ్బిచ్చి రివ్యూ రాయించుకోవడాన్ని అమెజాన్ ఒప్పుకోదు. ఎవరో ఒకరు ఆ చీటీని ఫొటో తీసి రివ్యూలోనే పెడతారు. దానికి మించిన 1 స్టార్ ఉండదు. చీటీ పెట్టాలనుకుంటే "ఎలా ఉందో రాయండి" అని మాత్రమే ఉండాలి, అందరి బాక్సుల్లోనూ ఒకేలా ఉండాలి. నచ్చినవాళ్లను రివ్యూ పేజీకి, నచ్చనివాళ్లను మీ ఫోన్ నంబరుకి పంపే ఏర్పాటు కూడా వద్దు, అదీ వడపోతే.

గోదారిగట్టు గారూ, మీ మెసేజ్ ఇలా పెట్టండి. చట్టం ఊసు మొదటే ఎత్తకండి, బెదిరింపులా ఉంటుంది:

"సార్, కొన్న గృహిణి రాసినట్టు నేను రాయలేను, ఎందుకంటే గ్రైండర్ నేను వాడలేదు. అందులో ఒక్క వివరం తప్పయినా చదివే ఆడవాళ్లు పట్టేస్తారు. అదే ధరకు రెండు పనులు చేసిస్తాను. ఒకటి, 250 పదాల ఉత్పత్తి వివరణ, రేపటికే. రెండు, కొన్నవాళ్లలో ఐదుగురి నంబర్లు, వాళ్ల అనుమతితో, ఇస్తే ఫోన్ చేసి వాళ్ల మాటలు రాసిస్తాను. వివరణకు ఇవి కావాలి: మోడల్, డ్రమ్ ఎన్ని లీటర్లు, మోటారు ఎన్ని వాట్లు, రాళ్లు ఎన్ని, బరువు, కొబ్బరి కోరు, పిండి కలిపే అమరిక వస్తాయా, వారంటీ మోటారుకి ఎన్నేళ్లు, రాళ్లకు ఎన్నేళ్లు, బాగుచేసేవాళ్లు ఏ ఊళ్లలో ఉన్నారు."

'కాదు' మొదటి వాక్యంలోనే ఉండాలి. చివర్లో పెడితే "కొంచెం అటూ ఇటూగా రాసెయ్యండి" అని మళ్లీ మొదలెడతాడు.

గోదారిగట్టు:
బాగుందండీ. ఫోన్ చేస్తే ఏం అడగాలి? "ఎలా ఉంది" అంటే "బాగానే ఉంది" అంటారు, అక్కడితో అయిపోతుంది.

రాతబల్ల:
అందుకే "ఎలా ఉంది" అడక్కూడదు. "చివరిసారి ఏం రుబ్బారు? ఎంత వేశారు? ఎంతసేపు పట్టింది? కడగడానికి డ్రమ్ ఎత్తి సింకులో పెట్టగలుగుతున్నారా? విసుగు తెప్పించేది ఏంటి?" ఇలా అడగండి. ఆఖరి ప్రశ్న వదలొద్దు. ఒకావిడ "రెండు గ్లాసుల పప్పు అరగంట పట్టింది, పిండి పొంగి అంచుదాకా వచ్చింది, డ్రమ్ బరువుకి చెయ్యి లాగుతుంది" అంటే అదే రాయండి. ఆ బరువు ముక్క తీసేసి మిగతాది ఉంచితే ఆవిడ మాట ఆవిడది కాకుండా పోతుంది. రాసింది ఆవిడకే చదివి వినిపించి, "ఈ మాటలు మీ పేరుతో వెయ్యొచ్చా" అని వాట్సాప్‌లో రాయించుకుని, ఆ మెసేజ్ దాచండి. అది క్లయింటు సొంత సైట్లో కస్టమర్ మాటగా వేసుకోవచ్చు. అమ్మే సైట్లో మాత్రం ఆవిడ ఖాతా నుంచి ఆవిడే రాసుకోవాలి, మీరు రాసి పెట్టకూడదు.

చట్టంచెప్తా:
89, 21 తేడా ఒప్పుకుంటున్నాను. కానీ కూలికి రాసినవాడు తప్పించుకుంటాడని మాత్రం ఒప్పుకోను. మోసమని తెలిసే రాస్తున్నాడుగా.

కలంకూలీ:
ఐదుగురికి ఫోన్లు చేసి, చదివి వినిపించి, మెసేజ్‌లు దాచి... ఆ టైములో నేను నూటపాతిక రాస్తా. మార్కెట్ రేటు తెలుసా మేడమ్ మీకు?

చార్మినార్‌చాయ్:
అన్న, నీ నూటపాతికల్ల అందరి అత్తలు ఒక్కతీర్గ మెచ్చుకుంటరు.

పాలకొల్లుపిల్ల:
మొత్తం చదివాను. నలుగురు ఉన్న ఇంటికి 2 లీటర్లది చాలా, పెద్దది తీసుకోవాలా?

మినపరొట్టె:
చాలమ్మా. అంచుదాకా నింపకుండా పప్పు వేరు, బియ్యం వేరు రుబ్బుకో. పప్పు ముందు.

గోదారిగట్టు:
మెసేజ్ పంపాను. జవాబు వచ్చింది, ఉన్నదున్నట్టు: "నంబర్లు ఎక్కడివండీ, సరుకు ఇంకా కోయంబత్తూరు నుంచి బయల్దేరలేదు. పేజీ ఓపెన్ అయ్యేసరికి రివ్యూలు ఉండాలని అడిగాను."

రాతబల్ల:
అయితే ఫోన్ల పని లేదు, ఉత్పత్తి వివరణ ఒక్కటే మీ పని. స్పెసిఫికేషన్ కాగితం వచ్చిందా?

గోదారిగట్టు:
ఒక ఫొటో వచ్చింది. అట్టపెట్టె ఫొటో. "2 లీ." అని కనిపిస్తోంది, వాట్లు ఉన్నచోట బొటనవేలు అడ్డం పెట్టాడు.