అరబిక్‌లో "కజ్జబ" అంటే అబద్ధం చెప్పించడం కాదా?

అనువాదాల_రవి: అరబిక్ వార్తలు తెలుగులోకి చేస్తున్నాను. నిన్న ఒక వాక్యం వచ్చింది: "కజ్జబతిల్ విజారతుల్ ఖబర్". కజబ అంటే అబద్ధమాడాడు. మధ్య అక్షరం ఒత్తితే రెండో రూపం, అంటే చేయించడం అని నేర్చుకున్నాను. దరస చదివాడు, దర్రస చదువు చెప్పాడు. ఆ లెక్కన "మంత్రిత్వశాఖ వార్తతో అబద్ధం చెప్పించింది" అని రాస్తే ఎడిటర్ పగలబడి నవ్వారు. ఎక్కడ తప్పాను?

పాతబస్తీ_పిల్ల: చేయించడం కాదండీ, రెండో రూపం తీవ్రతకు. కసర విరిచాడు, కస్సర ముక్కలు ముక్కలు చేశాడు. కాబట్టి "పచ్చి అబద్ధాలు చెప్పింది" అని రాయాలి.

జుబేదా_టీచర్: కస్సర మాట నిజమే అమ్మా, కానీ ఇక్కడ అది పనిచేయదు. రవి గారూ, ఈ రూపానికి ఇంకో వాడుక ఉంది: ఒకరిని గానీ ఒక మాటను గానీ "ఫలానా" అని ముద్ర వేయడం. కజ్జబ అంటే అది అబద్ధమని అనడం. "ఆ వార్త అబద్ధమని మంత్రిత్వశాఖ కొట్టిపారేసింది" అని రాయండి. దీని జంట చూడండి: సదఖ నిజం చెప్పాడు, సద్దఖ నిజమని నమ్మాడు. ఏ అర్థమో ఒత్తు ఒక్కటే చెప్పదు. కర్మ ఏమిటో చూడాలి. వార్త చేత ఎవరూ అబద్ధం చెప్పించలేరు కదా!

సౌదీ_డ్రైవర్: అక్కా, మా తమ్ముడి డిగ్రీ సర్టిఫికెట్‌కు గల్ఫ్‌లో తస్దీఖ్ కావాలన్నారు. అదీ ఇదేనా? ఎంత ఖర్చవుతుంది?

జుబేదా_టీచర్: ఖర్చు నాకు తెలియదు తమ్ముడూ. మాట మాత్రం అదే. సద్దఖకు నామరూపం తస్దీఖ్, ఇది నిజమైనదేనని ముద్ర వేయడం.

సౌదీ_డ్రైవర్: డ్రైవింగ్ స్కూల్ బోర్డు మీద తఅలీమ్ చూశాను. తర్వాత ఆసుపత్రిలో ఇస్తిఅలామాత్ అని ఉంటే ఇక్కడా ఏదో నేర్పుతారేమో అనుకున్నా :)

జుబేదా_టీచర్: రెండు మాటలకూ మూలధాతువు ఒకటే కాబట్టి పొరపాటు సహజం. అలిమ తెలిసింది, అల్లమ నేర్పాడు, అఅలమ తెలిపాడు, తఅల్లమ నేర్చుకున్నాడు, ఇస్తఅలమ అడిగి తెలుసుకున్నాడు. ఆ బోర్డు విచారణ కౌంటర్‌ది.

పాతబస్తీ_పిల్ల: అంటే ముందు "త" వస్తే మన "-కొను" అన్నమాట!

జుబేదా_టీచర్: తఅల్లమకు సరిపోయింది. కానీ తకల్లమ అంటే ఊరికే "మాట్లాడాడు". అక్కడ "మాట్లాడుకున్నాడు" అని రాస్తే చెడుతుంది.

అనువాదాల_రవి: వార్తల్లో ఒత్తులూ అచ్చు గుర్తులూ వేయరు. يعلم అని మాత్రమే ఉంటే యఅలము (తెలుసు), యుఅల్లిము (నేర్పుతాడు) రెండూ చదవొచ్చు కదా?

జుబేదా_టీచర్: రెండు కర్మలుంటే, "పిల్లలకు చదవడం" లాగా, సాధారణంగా నేర్పడమే. ఒక్కటే ఉంటే ముందు వెనుక వాక్యాలు చూడాలి. మీ వాక్యం మొత్తం పెట్టండి.

అనువాదాల_రవి: శీర్షిక మూడే మాటలండీ. "అతనికి రహస్యం తెలుసు" అనిపిస్తోంది, కానీ "రహస్యం నేర్పుతాడు" అన్నా తప్పు కాదు. కింద వార్త ఇంకా రాలేదు.